మీమ్ వెళ్ళిపోలేదు, నేనే పంపాను

ఈ శీర్షికలో ఇంతవరకు రెజ్యూమెల గురించీ, ఇంటర్వ్యూల గురించీ చాలానే రాసుకున్నాం. అంటే ఉద్యోగం దొరికేదాకా రాసే కాగితాల సంగతి. ఈసారి ఉద్యోగం దొరికాక రాయవలసి వచ్చే ఒక ఉత్తరం గురించి. కొత్తగా చేరిన ఉద్యోగి మేనేజరును వెక్కిరిస్తూ ఒక మీమ్ చేసి, స్నేహితులకు పంపబోయి, ఆ మేనేజరు కూడా ఉన్న చాట్‌లోనే పెడితే, ఆ రోజు సాయంత్రం రాయవలసిన క్షమాపణ ఉత్తరం అన్నమాట. నవ్వకండి. మన ఇళ్ళల్లో ఇప్పుడే కాలేజీ ముగించుకుని ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు ఎంతమంది ఉన్నారో, ఈ ప్రమాదానికి అంత దగ్గరగా ఉన్నారు.

మీమ్ అంటే ఏమిటని అడిగే పెద్దవాళ్ళ కోసం ఒక్క మాట. ఒక బొమ్మ, సాధారణంగా సినిమాలోది, దాని మీద రెండు ముక్కలు రాసి నవ్వించేది. మన తెలుగువాళ్ళ మీముల్లో బ్రహ్మానందం గారి ముఖం లేని రోజు ఉండదు. ఆయన ఒక్క చూపులో పది మాటలున్నాయి కాబట్టి, రాసేవాడికి సగం పని తప్పుతుంది.

నేను చెప్పబోయేది 2024 ఫిబ్రవరిలో జరిగింది. మా స్నేహితుడి అన్నగారి అమ్మాయి. గుంటూరు నుంచి వచ్చి ఎం.ఎస్. చేసి, ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో డేటా ఎనలిస్టుగా చేరి అప్పటికి ఏడు వారాలు. నన్ను బాబాయ్ అంటుంది. ఆ అమ్మాయి ఒప్పుకున్నాకే, కొన్ని గుర్తులు మార్చి రాస్తున్నాను.

వాళ్ళ టీమ్‌లో రోజూ తొమ్మిది గంటలకు స్టాండప్. పేరుకు పదిహేను నిమిషాలు. మేనేజరు అమెరికన్, మంచి మనిషే, కాని ముగించే ముందు "వన్ క్విక్ థింగ్" అని మొదలుపెడితే మరో అరగంట. ఆ రోజు మీటింగు సాగుతుండగానే ఈ అమ్మాయి బ్రహ్మానందం గారు కళ్ళు తేలేసి కూర్చున్న బొమ్మ తీసుకుని, దాని మీద "వన్ క్విక్ థింగ్, నలభయ్యో నిమిషం" అని ఇంగ్లీషులో రాసింది. తనతో పాటు చేరిన నలుగురు స్నేహితుల గ్రూపు ఒకటుంది, అందులో పెట్టాలని. టీమ్స్‌లో చాట్‌ల వరుస ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఎందులో కొత్త సందేశం వస్తే అది పైకి ఎక్కి కూర్చుంటుంది. ఈమె బొమ్మ కాపీ చేసుకుని వచ్చేలోపు టీమ్ గ్రూపులో ఎవరో ఏదో లింకు పెట్టారు. స్నేహితుల గ్రూపు ఒక మెట్టు కిందికి జారింది. చెయ్యి మాత్రం పాత చోటే నొక్కింది. అతికించడం, ఎంటర్ కొట్టడం, రెండు సెకన్ల పని. టీమ్ గ్రూపులో మొత్తం పదకొండు మంది, మేనేజరుతో కలిపి.

రెండు నిమిషాల్లో చూసుకుని డిలీట్ చేసింది. చేశాక ఆ స్థానంలో సందేశం తొలగించబడిందన్న గీత మిగిలింది. అప్పటికే ఒకరు పకపకా నవ్వే గుర్తు పెట్టారు. ఇరవై మందికి మించని గ్రూపుల్లో ఎవరెవరు చదివారో టీమ్స్‌లో పంపినవారికి కనిపిస్తుంది, కంపెనీ వాళ్ళు ఆ సదుపాయం తీసేస్తే తప్ప. డిలీట్ చేసే ముందు అది చూసిందట. ఏడుగురు చదివారు. అందులో మేనేజరు పేరుంది.

పదకొండు గంటలకు నాకు ఫోన్. మొదటి ప్రశ్న: "బాబాయ్, డిలీట్ చేశాను కదా, పూర్తిగా పోయినట్టేనా?"

పోదు. ఇది నా వృత్తికి సంబంధించిన విషయం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. తెర మీద నుంచి పోవడం వేరు, కంపెనీ దగ్గర నుంచి పోవడం వేరు. చాలా కంపెనీలు, అందులోనూ బ్యాంకులు, ఇన్సూరెన్స్ వాళ్ళు, ఉద్యోగుల సందేశాలను ఇంతకాలం దాచాలని ఒక నియమం పెట్టుకుంటారు. ఆ నియమం అమలులో ఉంటే, మనం డిలీట్ నొక్కగానే ఆ సందేశం మనకు కనిపించని ఒక అరలోకి చేరుతుంది. అవసరమైతే కంపెనీ వాళ్ళు దాన్ని వెతికి తీయగలరు. మన ఇంట్లో వాట్సాప్‌లో కూడా ఇలాంటి తేడా ఒకటుంది. అక్కడ అందరికీ తొలగించు, నాకు మాత్రమే తొలగించు అని రెండు ఉంటాయి. కంగారులో రెండోది నొక్కితే, మనకు తప్ప మిగతా అందరికీ బొమ్మ భద్రంగా ఉంటుంది. ఇలా నొక్కినవాళ్ళు ఎక్కువయ్యారేమో, వెంటనే వెనక్కి తీసుకోవడానికి 2022 చివర్లో వాట్సాప్ వాళ్ళు ఐదు సెకన్ల వ్యవధి ఇచ్చారు.

అయితే డిలీట్ చేయడం తప్పని అనను. ఇంకో ముగ్గురు చూడకుండా ఆపింది. కాని అది మర్యాద కోసం చేసే పనే తప్ప, దాచడానికి పనికొచ్చేది కాదు. అందుకే ఉత్తరంలో "నేనే పెట్టాను, నేనే తీసేశాను" అని రెండూ చెప్పాలి. చెప్పకుండా ఊరుకుంటే, చూసినవాళ్ళకు ఆ ఖాళీ గీత దొంగ గుర్తులా కనిపిస్తుంది.

ఉత్తరం సాయంత్రానికి రాయవచ్చు. అంతదాకా మౌనంగా ఉండకూడదు. ఆ గంటలోపే మేనేజరుకు విడిగా మూడు వాక్యాలు పంపమన్నాను. ఆ బొమ్మ నాది. మీ గురించే. సారీ, సాయంత్రంలోగా సరిగా రాస్తాను. అంతే. ఎక్కువ రాస్తే కంగారు రాస్తుంది, మనం రాయం.

మధ్యాహ్నం భోజనం వేళకు తన ఉత్తరం చిత్తుప్రతి నాకు పంపింది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెబుతున్నాను:

"డియర్ మేడమ్, ఈ ఉదయం జరిగిన పొరపాటుకు దయచేసి నన్ను క్షమించండి. వేరే చాట్‌కు వెళ్ళవలసిన ఒక సరదా బొమ్మ పొరపాటున మన గ్రూపులోకి వెళ్ళిపోయింది. ఎవరినీ నొప్పించాలని నా ఉద్దేశం కాదు. దానివల్ల మీ మనసు నొచ్చుకుని ఉంటే క్షమించండి. మీలాంటి మేనేజరు దొరకడం నా అదృష్టం. నేను కొత్తదాన్ని, నా వీసా పరిస్థితి మీకు తెలుసు. ఈ ఒక్కసారికి క్షమించండి."

చదివితే పాపం అనిపిస్తుంది. వినయం ఉంది, భయం ఉంది. లేనిది ఒకటే. చేసినవాళ్ళెవరో లేరు. పొరపాటు "జరిగింది", బొమ్మ "వెళ్ళిపోయింది". బొమ్మకు కాళ్ళున్నాయా? ఇది ఆ అమ్మాయి తెలివి తక్కువ కాదు, మన భాష ఇచ్చే వెసులుబాటు. చిన్నప్పుడు గ్లాసు పగిలితే "పగిలిపోయింది" అంటామే కాని "పగలగొట్టాను" అనం. ఇంట్లో అది చెల్లిపోతుంది, అమ్మకు ఎవరు పగలగొట్టారో ఎలాగూ తెలుసు. ఇంగ్లీషులో అదే వాక్యం అనువాదమై వెళితే, చదివే అమెరికన్‌కు తప్పించుకుంటున్నట్టు వినిపిస్తుంది.

ఇక "క్షమించండి" అనే మాట చూడండి. ఉత్తరంలో మూడుసార్లు ఉంది. ఆ మాటలో పని ఎవరిది? క్షమించవలసిన పని ఎదుటివారిది. సారీ అంటే నా మనసు సంగతి నేను చెప్పుకుంటున్నాను. క్షమించండి అంటే బాధపడిన మనిషికే ఒక పని అప్పగిస్తున్నాను, అదీ ఈ సాయంత్రమే. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో రాయ్ లెవికీ అనే ప్రొఫెసరు, మరికొందరు కలిసి 2016లో ప్రచురించిన పరిశోధనలో, క్షమాపణలో ఉండే ఆరు భాగాలను తీసుకుని ఏది ఎంత పని చేస్తుందో జనాన్ని అడిగి చూశారు. అన్నిటికంటే ఎక్కువ విలువ "తప్పు నాది" అనడానికి వచ్చింది. తర్వాతి స్థానం దాన్ని సరిచేస్తాననడానికి. అన్నిటికంటే కింద ఉన్నది క్షమించమని అడగడం. మన అమ్మాయి ఉత్తరంలో ఆఖరుది మూడుసార్లు ఉంది, మొదటిది ఒక్కసారి కూడా లేదు.

కాని నన్ను ఎక్కువ ఆపింది రెండో వాక్యం. "వేరే చాట్‌కు వెళ్ళవలసిన బొమ్మ." దేనికి క్షమాపణ చెబుతున్నట్టు? చిరునామా తప్పినందుకు. అంటే చిరునామా సరిగా ఉండి ఉంటే ఏ తప్పూ లేదన్నట్టేగా. మేనేజరు వైపు నుంచి ఆలోచించండి. ఆవిడకు బ్రహ్మానందం గారెవరో తెలియదు, తెలియనక్కరలేదు కూడా, ఆ కళ్ళు ఏ భాషవాళ్ళకైనా అర్థమవుతాయి. ఆవిడకు నొప్పి కలిగించేది బొమ్మ తప్పు చోటికి రావడం కాదు. తను రోజూ మంచిగా మాట్లాడే పిల్లలు ఇంకెక్కడో కూర్చుని తన మాటతీరును చూసి నవ్వుకుంటున్నారని తెలియడం. "వేరే చాట్" అన్న రెండు మాటలు ఆ అనుమానాన్ని ఖాయం చేస్తాయి. అలాగని చాట్ సంగతి దాచమని కాదు, అది నిజమే కాబట్టి చెప్పాలి. క్షమాపణ మాత్రం దానికి కాదని కూడా వెంటనే చెప్పాలి.

"నొచ్చుకుని ఉంటే" అన్నదాంట్లో ఆ "ఉంటే" తీసేయమన్నాను. నొచ్చుకోదా మరి? "మీలాంటి మేనేజరు దొరకడం అదృష్టం" కూడా తీసేయమన్నాను. ఉదయం ఆ బొమ్మ, సాయంత్రం ఈ పొగడ్త. రెండిట్లో ఏది నమ్మాలి ఆవిడ?

వీసా సంగతి దగ్గర మాత్రం అమ్మాయి ఒప్పుకోలేదు. "బాబాయ్, అసలు భయమే అది కదా" అంది. భయం నిజమే. అప్పటికి స్టెమ్ ఓపీటీలో ఉంది. ఓపీటీ మొత్తం మీద ఉద్యోగం లేకుండా ఉండగల రోజులు 150, అందులో చదువు కాగానే ఉద్యోగం వెతుక్కుంటూ ఎనభై దాకా ఖర్చయ్యాయి. పైగా వచ్చే నెల, మార్చిలో, హెచ్-1బి రిజిస్ట్రేషన్. కంపెనీ ఎవరి పేర్లు పెట్టాలో మేనేజర్లను అడుగుతుంది. ఇంత ఉన్నా ఉత్తరంలో ఆ మాట రాకూడదన్నాను. అది చదవగానే ఆవిడకు ఈ క్షమాపణ తన కోసమా, వీసా కోసమా అన్న ప్రశ్న వస్తుంది. అంతేకాదు, తను కోప్పడితే ఒక పిల్ల దేశం వదిలి వెళ్ళవలసి వస్తుందన్న బరువు ఆవిడ మీద వేసినట్టవుతుంది. దెబ్బ తిన్న మనిషి చేతిలో ఆ మూట పెట్టడం న్యాయం కాదు. చివరికి ఒప్పుకుంది, నాలుగింటికి.

ఆరు గంటలకు పంపిన ఉత్తరం ఇది. పైన పేరొక్కటే, మేడమ్ లేదు. వాళ్ళ ఆఫీసులో అందరూ పేర్లతోనే పిలుచుకుంటారు, ఈ రోజు కొత్తగా మేడమ్ అంటే అది మర్యాదలా కాక వణుకులా ఉంటుంది.

"ఈ ఉదయం 9:40కి మన టీమ్ చాట్‌లో మిమ్మల్ని వెక్కిరించే బొమ్మ పెట్టింది నేను. తయారుచేసింది కూడా నేనే. రెండు నిమిషాల తర్వాత తీసేశాను, కాని అప్పటికే మీరూ మరికొందరూ చూశారని నాకు తెలుసు.

దాన్ని వేరే చాట్‌లో పెట్టబోయి ఇక్కడ పెట్టాను. నేను సారీ చెబుతున్నది చాట్ మారినందుకు కాదు. మీరు మాట్లాడే తీరును ఎగతాళి చేశాను, అది ఎక్కడ పెట్టినా తప్పే. పైగా మీ టీమ్ అందరి ముందు అది మీ కంటపడేలా చేశాను. అందుకు సిగ్గుపడుతున్నాను. సారీ.

స్టాండప్ ఎక్కువసేపు సాగుతోందని నాకు అనిపించిన మాట నిజం. ప్రతి గురువారం మనం విడిగా మాట్లాడుకుంటున్నాం, అప్పుడు మీతో చెప్పి ఉండవలసింది. చెప్పకుండా బొమ్మ చేశాను. ఇకముందు ఇలాంటివి మీకే చెబుతాను.

టీమ్ చాట్‌లో కూడా ఒక వాక్యం రాయాలనుకుంటున్నాను. వద్దనుకుంటే చెప్పండి, రాయను. దీని గురించి మాట్లాడాలని మీకు అనిపిస్తే ఎప్పుడైనా వస్తాను. ఈ ఉత్తరానికి జవాబు రాయనవసరం లేదు."

మూడో పేరా గురించి మా ఇంట్లో ఆ సాయంత్రం చిన్న యుద్ధమే జరిగింది. మా ఆవిడ ఒక హాస్పిటల్లో పాతికమంది నర్సుల మీద అజమాయిషీ చేస్తుంది. స్టాండప్ మాట పూర్తిగా తీసేయాలని ఆవిడ పట్టు. "క్షమాపణలో ఫిర్యాదు కలిపితే క్షమాపణ చప్పబడిపోతుంది" అంది. మామూలుగా నేనూ అదే అంటాను. కాని ఇక్కడ ఫిర్యాదు ఉదయమే బయటపడిపోయింది, బొమ్మ మీద అక్షరాల్లో ఉంది. ఇప్పుడు ఆ మాట ఎత్తకుండా దాటేస్తే ఉత్తరం మిగతా భాగం కూడా నమ్మేలా ఉండదు. అందుకే ఒక్క వాక్యం, అదీ మీటింగు తగ్గించమని అడగకుండా. ఫిర్యాదు సరైనదే, చెప్పిన పద్ధతి తప్పు అన్నట్టు. మా ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోలేదు, మీరూ ఒప్పుకోకపోవచ్చు.

జవాబు రాయనవసరం లేదన్న వాక్యం మాత్రం మా ఆవిడే చేర్చింది. మేనేజరుకు కోపం తగ్గడానికి ఒక రోజు పట్టవచ్చు, వారం పట్టవచ్చు. ఆ వ్యవధి ఆవిడది.

మర్నాడు ఉదయం రెండు వరుసల జవాబు వచ్చింది. సూటిగా చెప్పినందుకు థాంక్స్, గ్రూపులో ఒక వాక్యం రాయి, గురువారం మాట్లాడదాం అని. గ్రూపులో రాసింది కూడా చిన్నదే. "నిన్న నేను పెట్టిన బొమ్మ తప్పు, మేనేజరుకు చెప్పాను, మీ అందరికీ కూడా సారీ" అని. నవ్వు గుర్తు పెట్టినతను మౌనంగా దాన్ని తీసేసుకోవాలని చూశాడట. సందేశమే లేనిచోట గుర్తెక్కడ ఉంటుంది!

అసలు పరీక్ష గురువారం వచ్చింది. మేనేజరు మామూలుగానే మాట్లాడి, చివర్లో అడిగింది: "ఆ వేరే చాట్‌లో ఇంకా ఎవరెవరున్నారు?" దీనికి ముందే సిద్ధపడమని చెప్పాను, ఎందుకంటే ఉత్తరంలో వేరే చాట్ అని రాశాక ఈ ప్రశ్న రావడం సహజం. ఇక్కడ రెండు గోతులున్నాయి. పేర్లు చెప్పడం ఒకటి. "అందరూ అనుకునేదే నేనన్నాను" అనడం ఇంకొకటి, అది పేర్లు చెప్పకుండానే అందరినీ ఇరికించడం. అమ్మాయి చెప్పిన జవాబు ఇది: "ఆ బొమ్మ చేసింది, పెట్టింది నేను. వాళ్ళెవరూ చేయలేదు. వాళ్ళ పేర్లు నేను చెప్పలేను." ఒక నిమిషం పాటు ఆవిడ ఏమీ అనలేదట. తర్వాత వచ్చే వారం పని గురించి అడిగింది.

ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. ఈ ఉత్తరం పనికొచ్చింది బొమ్మ ఒకరి అలవాటు మీద కాబట్టి. అదే బొమ్మ మేనేజరు రంగు మీదో, మతం మీదో, ఆడామగా తేడా మీదో, వయసు మీదో, జబ్బు మీదో అయితే ఇది ఇద్దరి మధ్య సర్దుకునే వ్యవహారం కాదు. చాలా కంపెనీల్లో ఆ మేనేజరు తను క్షమించినా సరే హెచ్.ఆర్.కు చెప్పి తీరాలి. అప్పుడు ఎంత మంచి ఉత్తరం రాసినా అది కూడా ఫైల్లో ఒక కాగితం అవుతుంది. అలాగే బొమ్మలో క్లయింటు పేరో, కస్టమరు వివరాలో కనబడితే, ముందు చెప్పవలసింది సెక్యూరిటీ వాళ్ళకు, సారీ ఆ తర్వాత.

ఇంకో చిన్న సంగతి, పిల్లలకు పనికొస్తుందని. ఇప్పుడా అమ్మాయి స్నేహితుల కబుర్లు ఆఫీసు టీమ్స్‌లో పెట్టడం మానేసింది. అవి సొంత ఫోనులో ఉంటాయి. ఆఫీసులో రెండు చాట్‌లు ఒకేసారి చూడవలసి వస్తే, ఒకదాన్ని విడి కిటికీగా బయటికి లాగి పెట్టుకుంటుంది. విడి కిటికీ తెరిచి ఉంటే వరుస ఎంత పైకీ కిందికీ జరిగినా అది కదలదు.

తర్వాతేమైందని అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. రెండు వారాల పాటు మేనేజరు కాస్త దూరంగానే ఉంది. స్టాండప్ ఇప్పటికీ ఇరవై ఐదు నిమిషాలకు తక్కువ కాదు, కాని "వన్ క్విక్ థింగ్" అన్నప్పుడల్లా ఆవిడ తనే ఒకసారి నవ్వుతుందట. మార్చిలో హెచ్-1బి రిజిస్ట్రేషన్‌కు అమ్మాయి పేరు కంపెనీ పెట్టింది. లాటరీలో రాలేదు, దానికి బ్రహ్మానందం గారితో సంబంధం లేదు. గుంటూరులో వాళ్ళ నాన్నగారికి ఈ కథ ఇంకా తెలియదు. మన పత్రిక అక్కడిదాకా వెళ్ళదన్న ధైర్యంతోనే రాశాను.